కిలోకి ముప్పై రూపాయలు: గుంటూరు కారం దుబాయ్ చేరేలోపు

గుంటూరులో చిన్న కారం మిల్లు నడిపే వ్యాపారికి దుబాయ్ నుంచి ఒక టోకు వర్తకుడు వాట్సాప్‌లో కబురు పెట్టాడనుకుందాం. తేజ మిర్చి కారం, రెండు టన్నులు, 25 కిలోల బస్తాల్లో కావాలి. చెన్నై రేవు ధర ఎంత, డబ్బు ఎలా ఇమ్మంటారు అని అడిగాడు. మొదటిసారి ఎగుమతి చేసేవాళ్లు చాలామంది స్థానిక ధరకు మరో పాతిక శాతం కలిపి, దాన్ని డాలరు రేటుతో భాగించి సాయంత్రానికల్లా జవాబు పంపేస్తారు. ఆ ధరలో లాభం ఉందో లేదో తెలిసేది మూడు నెలల తర్వాతే.

ఈ ఒక్క ఆర్డరునే మొదటి నుంచి చివరి దాకా లెక్క కడదాం. ఇందులోని ధరలన్నీ లెక్క కోసం అనుకున్నవే. మిర్చి ధర, ఓడ కిరాయి, డాలరు రేటు రోజూ మారుతుంటాయి గనుక మీ ఆర్డరు వచ్చిన రోజున మీ అంకెలు వేసుకోవాలి. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

కాయ ధర వేరు, పొడి ధర వేరు

యార్డులో తేజ కాయ క్వింటాలు 15,000 రూపాయలు అనుకుందాం. అంటే కిలో 150. దీన్నే పొడికి ముడిసరుకు ధరగా వేసుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. తొడిమలు తీస్తే బరువు తగ్గుతుంది. తాలు కాయలు ఏరేస్తే ఇంకొంత పోతుంది. ఎండబెడితే తేమ పోతుంది. మరలో, జల్లెడలో కాస్త మిగిలిపోతుంది. మన ఉదాహరణలో వంద కిలోల కాయకు 85 కిలోల పొడి వస్తుందనుకుంటే, రెండు టన్నుల కారానికి 2,350 కిలోల కాయ కొనాలి. కొన్న కాయ ఖరీదు 3,52,500 రూపాయలు. ఇంకే ఖర్చూ కలపకముందే కిలో పొడికి 176 రూపాయలు పడింది. మీ మిల్లులో ఈ తరుగు ఎంతో ఒక లాటును స్వయంగా తూకం వేసి తెలుసుకోవాలి. వంద కిలోలకు మూడు కిలోల తేడా వచ్చినా మొత్తం మీద పదివేల రూపాయలకు పైగా మారుతుంది.

తర్వాతి ఖర్చులు ఇలా ఉన్నాయనుకుందాం:

- మార్కెట్ సెస్సు, కమీషన్, హమాలీ, మిల్లుకు రవాణా: 17,500
- తొడిమలు తీయడం, ఆరబెట్టడం, మర: 34,000
- లోపల ప్లాస్టిక్ సంచితో 80 బస్తాలు: 6,000
- ల్యాబ్ పరీక్షలు, సర్టిఫికెట్లు: 18,000
- చెన్నైకి లారీ: 16,000
- రేవు దగ్గర గోదాము ఖర్చులు, కస్టమ్స్ ఏజెంటు, బిల్ ఆఫ్ లేడింగ్: 22,000

కాయ ఖరీదుతో కలిపి ఇక్కడికి 4,66,000. అంటే చెన్నైలో ఓడ ఎక్కేసరికి కిలోకి 233 రూపాయలు. చాలామంది ఇక్కడే గీత గీసి లాభం కలిపేస్తారు. ఇంకా మూడు ఖర్చులు మిగిలి ఉన్నాయి. బ్యాంకు చార్జీలు, కొరియరు 6,000. కాయ కొన్ననాటి నుంచి డబ్బు చేతికొచ్చే దాకా మూడు నెలలు పడితే, 11 శాతం వడ్డీ లెక్కన సుమారు 12,500. కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఎగుమతి రుణ బీమాకు 3,500. ఇవన్నీ కలిపితే మన అసలు ఖర్చు 4,88,000, కిలోకి 244 రూపాయలు.

దీనిమీద 61,000 లాభం వేసుకుంటే 5,49,000. డాలరు 88 రూపాయలు అనుకుని భాగిస్తే సుమారు 6,240 డాలర్లు, కిలో 3.12 డాలర్లు. ఇదీ మన ఎఫ్‌ఓబీ చెన్నై ధర. సరుకు ఓడ మీద చేరేదాకా ఖర్చూ, నష్టభయమూ మనవి, ఆ తర్వాత కొనుగోలుదారువి అని దీని అర్థం. అతను ఓడ కిరాయి, బీమా కూడా కలిపి జెబెల్ అలీ రేవు దాకా ధర చెప్పమంటే అది సీఐఎఫ్ ధర. దానికి ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా కిరాయి తీసుకున్నాకే అంకె పంపాలి.

ఈ జాబితాలో ఒక విషయం గమనించండి. పరీక్షలు, లారీ, రేవు ఖర్చులు, బ్యాంకు కలిపి 62,000. సరుకు తగ్గినా ఇవి పెద్దగా తగ్గవు. రెండు టన్నులకు ఇవి కిలోకి 31 రూపాయలే. అదే కొనుగోలుదారు "ముందు ఓ అర టన్ను పంపి చూడండి" అంటే కిలోకి 124 అవుతాయి. చిన్న ఆర్డరుకు పెద్ద ఆర్డరు ధర ఒప్పుకోవడమే కొత్త ఎగుమతిదారుకు అన్నిటికంటే సులువుగా వచ్చే నష్టం. రుచి చూడాలనుకునేవారికి కిలో శాంపిలు కొరియరులో పంపితే సరిపోతుంది.

రెండు టన్నులతో కంటెయినరు నిండదు గనుక ఇది పదిమంది సరుకుతో కలిసి వెళుతుంది. ఇలాంటి సరుకుకు కిరాయిని బరువు, పరిమాణం రెండూ చూసి, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. పొడి చిక్కగా ఉంటుంది, కాయ ఎక్కువ చోటు తింటుంది. అందుకే రెండు టన్నుల పొడికి పడే కిరాయిని రెండు టన్నుల ఎండుమిర్చికి వేసుకుని ధర చెప్పకూడదు.

కాగితాల కంటే ముందు కాయ పరీక్ష

కారం ఎగుమతిలో సరుకును ఆపేసేవి ప్రధానంగా రెండు. ఒకటి సుడాన్ వంటి కృత్రిమ రంగులు. రెండోది అఫ్లాటాక్సిన్, అంటే కాయ తడిగా ఉన్నప్పుడు పట్టే బూజు వదిలే విషం. యూరప్ దేశాల్లో మిర్చికి అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదు. ఏ దేశానికి పంపుతుంటే ఆ దేశపు హద్దు ఎంతో కొనుగోలుదారు చేత ఆర్డరులోనే రాయించుకోవాలి.

అఫ్లాటాక్సిన్ లాటంతా సమానంగా ఉండదు. కళ్లంలో వాన తడిసిన కొన్ని కాయల్లోనే చాలా ఎక్కువగా ఉండొచ్చు. మర ఆడేశాక ఆ కొద్ది కాయల విషం మొత్తం పొడిలో కలిసిపోతుంది, విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే మొదటి పరీక్ష కాయ దశలోనే చేయించాలి. అన్ని టిక్కీల్లోంచీ కాస్త కాస్త తీసి కలిపిన నమూనాతో చేయించాలి. పైన కనపడే నాలుగు మంచి కాయలు పంపిస్తే వచ్చే నివేదిక మనల్ని మనం మోసం చేసుకోవడానికే పనికొస్తుంది. రెండో పరీక్ష పొడికి. మిర్చికి, మిర్చి ఉత్పత్తులకు స్పైసెస్ బోర్డు తప్పనిసరి పరీక్షలు పెట్టింది. బోర్డుకు గుంటూరులోనే ప్రయోగశాల ఉంది.

కొనుగోలుదారుతో నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు "మంచి కారం", "ఫస్ట్ క్వాలిటీ" లాంటి మాటలు పనికిరావు. ఘాటు ఎన్ని ఎస్‌హెచ్‌యూలు, రంగు ఎన్ని ఆస్టా యూనిట్లు, తేమ ఎంత శాతం, ఎంత మెత్తదనం అని అంకెల్లో ఉండాలి. తేజ ఘాటుకు పేరు, రంగుకు బ్యాడగి పేరు. ఎర్రగా నిగనిగలాడే కారం ఊహించుకున్నవాడికి తేజ పంపితే సరుకు మంచిదైనా పేచీ తప్పదు.

ఒకసారి చేసేవి, ప్రతిసారీ చేసేవి

కాగితాలు చాలా ఉంటాయని భయపడతారు గానీ, వాటిని రెండు మూటలుగా కట్టుకుంటే సులువు. మొదటి మూట ఒకసారి సిద్ధం చేసుకునేది. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ నంబరు ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, రుసుము 500 రూపాయలు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు అందులోని వివరాలు సరిగా ఉన్నాయని మళ్లీ ధ్రువీకరించాలి, లేకపోతే నంబరు పనిచేయడం ఆగిపోతుంది. మసాలా దినుసులకు స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు రిజిస్ట్రేషన్ కావాలి. ఆహార భద్రతా లైసెన్సు ఉండాలి. మీ బ్యాంకు శాఖ కోడును రేవులోని కస్టమ్స్ దగ్గర నమోదు చేయించాలి. జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేసుకోవడానికి ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో హామీపత్రం, అంటే ఎల్‌యూటీ, ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా ఇవ్వాలి. మార్చిలో ఇచ్చింది ఏప్రిల్‌లో చెల్లదన్న సంగతి సరుకు రేవుకు చేరాక గుర్తొస్తే, పన్ను కట్టి తర్వాత వాపసు కోసం ఎదురుచూడాలి. ఈలోగా చేతిలో ఉండాల్సిన డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది.

రెండో మూట ప్రతి సరుకుతో వెళ్లేది. ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు, కస్టమ్స్‌లో దాఖలు చేసే షిప్పింగ్ బిల్లు, పరీక్షా నివేదిక, సరుకు భారత్‌లో తయారైందని చెప్పే మూల ధ్రువపత్రం, ఓడ కంపెనీ లేదా సరుకు సేకర్త ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్. యూఏఈతో మన దేశానికి 2022 మే 1 నుంచి అమలవుతున్న వాణిజ్య ఒప్పందం ఉంది. దాని కింద సుంకం రాయితీ కావాలంటే ఆ ఒప్పందానికి నిర్దేశించిన మూల ధ్రువపత్రమే కావాలి, మామూలుది చెల్లదు. తమ సరుకుకు రాయితీ వర్తిస్తుందో లేదో కొనుగోలుదారునే అక్కడి కస్టమ్స్ ఏజెంటును అడిగి చెప్పమనడం మేలు.

ఈ రెండో మూటలో గొడవలు చాలావరకు పెద్ద తప్పుల వల్ల రావు. ఒక కాగితంలో "రెడ్ చిల్లీ పౌడర్", మరోదానిలో "చిల్లీ పౌడర్ తేజ". ఒకచోట నికర బరువు 2,000, ఇంకోచోట బస్తా బరువు కలిపి 2,040. ఒకదానిలో కొనుగోలుదారు కంపెనీ పేరు పూర్తిగా, ఇంకొకదానిలో పొడి అక్షరాలతో. కస్టమ్స్ అధికారికిగానీ బ్యాంకుకుగానీ ఇవి రెండు వేర్వేరు సరుకుల్లా కనిపిస్తాయి. ముందుగా ఇన్వాయిసు చిత్తుప్రతిని కొనుగోలుదారుకు పంపి, పేరు, చిరునామా, సరుకు వర్ణన, హెచ్‌ఎస్ కోడు (కారం పొడికి 0904 22 తో మొదలవుతుంది) అతనిచేత ఒప్పించుకుని, మిగతా అన్ని కాగితాల్లోనూ దాన్నే అక్షరం మారకుండా ఎక్కించడం దీనికి మందు.

అడ్వాన్సు ఎంత అడగాలి?

డబ్బు చేతికి అందే పద్ధతులు నాలుగు. మొత్తం ముందుగా. సరుకు పంపాక బ్యాంకు ద్వారా కాగితాలు ఇచ్చి డబ్బు తీసుకోవడం, దీన్ని డీపీ అంటారు. కొనుగోలుదారు బ్యాంకు హామీ ఇచ్చే ఎల్‌సీ. అరువు. మొత్తం ముందు అంటే కొనుగోలుదారుకు భయం, మొత్తం అరువంటే మనకు భయం. ఆరువేల డాలర్ల సరుకుకు ఎల్‌సీ తెరిపిస్తే రెండువైపులా బ్యాంకు ఖర్చులు లాభాన్ని కొరికేస్తాయి. పైగా ఎల్‌సీలో బ్యాంకు చూసేది సరుకును కాదు, కాగితాలను. ఎల్‌సీలో రాసిన వర్ణనకూ ఇన్వాయిసుకూ తేడా ఉంటే సరుకు ఎంత మంచిదైనా డబ్బు ఆగుతుంది.

అందుకే చిన్న సరుకుకు కొంత అడ్వాన్సు, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ నకలు చూపగానే అన్న పద్ధతి ఎక్కువ. అడ్వాన్సు 30 శాతం అనడం వాడుక. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. మనం మన సరుకుకు లెక్క వేద్దాం. సరుకు జెబెల్ అలీ చేరాక కొనుగోలుదారు "మార్కెట్ పడిపోయింది, వద్దు" అన్నాడనుకోండి. అక్కడ గోదాము అద్దె, తిరుగు కిరాయి, రెండు రేవుల ఖర్చులు కలిపి లక్ష రూపాయలు. తిరిగి దేశంలోకి తెచ్చుకోవాలంటే కస్టమ్స్, ఆహార భద్రతా తనిఖీలు మళ్లీ ఉంటాయి. ఆ పొడిని ఇక్కడ అయినకాడికి అమ్మితే, మిల్లు గడప దాటేసరికి పడిన 4,28,000లో ఓ 20 శాతం, అంటే 85,600 పోతుంది. మొత్తం నష్టం సుమారు 1,85,600.

30 శాతం అడ్వాన్సు అంటే చేతికొచ్చేది 1,64,700 మాత్రమే. కొనుగోలుదారు చేయి వదిలేస్తే ఇరవై వేలకు పైగా మన జేబులోంచి పోతుంది. ఇదే సరుకుకు 35 శాతం అడిగితే 1,92,000 వస్తుంది. సరుకు వెనక్కి వచ్చినా గట్టున పడతాం. అడ్వాన్సు ఎంత అన్నది మొహమాటంతో తేల్చే విషయం కాదు, సరుకు తిరిగొస్తే అయ్యే నష్టంతో తేల్చే విషయం.

మిగతా 65 శాతానికి అసలు తాళం బిల్ ఆఫ్ లేడింగే. దాని అసలు ప్రతి చూపితేనే అక్కడ సరుకు ఇస్తారు. అది మన దగ్గరున్నంత కాలం సరుకు మనది. కానీ ఏజెంటు "త్వరగా అవుతుంది" అంటూ సీ వేబిల్లు ఇచ్చినా, డబ్బు రాకముందే టెలెక్స్ రిలీజు ఇచ్చేసినా, అసలు కాగితం లేకుండానే కొనుగోలుదారు సరుకు తీసుకెళ్లిపోవచ్చు. కాబట్టి ఏజెంటుకు ముందే మెయిలులో రాయాలి: ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ కావాలి, మా రాతపూర్వక అనుమతి లేకుండా విడుదల చేయొద్దు. నకలు పంపి, డబ్బు మన ఖాతాలో పడ్డాక ఒరిజినల్స్ కొరియరు చేయాలి. కొనుగోలుదారు పంపే "డబ్బు వేశాం" అనే స్విఫ్టు కాగితపు ఫొటో, ఖాతాలో జమ పడిన డబ్బుతో సమానం కాదు.

బీమాకు 3,500 కేటాయించాం కదా. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ, కొనుగోలుదారు డబ్బు ఎగ్గొట్టినప్పుడు నష్టంలో అధిక భాగాన్ని భరిస్తుంది, మొత్తాన్ని కాదు. నాణ్యత గురించి కొనుగోలుదారు పేచీ పెడితే, ఆ తగువు తేలకుండా బీమా డబ్బు అందదు. ఆర్డరులో ఘాటును, తేమను అంకెల్లో రాయించుకోమన్నది ఇందుకు కూడా.

డాలరు కంటే ముందు మిర్చి

ఇప్పుడు కరెన్సీ. ధర చెప్పిన రోజు డాలరు 88. డబ్బొచ్చేనాటికి 85 అయితే? అంతా చివర్లోనే వచ్చే పక్షంలో 6,240 డాలర్ల మీద 18,720 రూపాయలు పోతాయి. అడ్వాన్సు 35 శాతం మొదట్లోనే వచ్చి రూపాయల్లోకి మారిపోతే, మిగిలిన 4,056 డాలర్ల మీద నష్టం 12,168కి తగ్గుతుంది. అడ్వాన్సు కొనుగోలుదారు నుంచే కాదు, కరెన్సీ నుంచీ కొంత రక్షణ ఇస్తుందన్నమాట. దిర్హాముల్లో బిల్లు వేస్తే తప్పించుకోవచ్చా అంటే లాభం లేదు. దిర్హామును 1997 నుంచీ డాలరుకు 3.6725 చొప్పున కట్టి ఉంచారు. డాలరు ఎటు వెళితే అదీ అటే.

బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్టు చేసుకుంటే ఫలానా తేదీకి ఫలానా రేటు ఖాయం అవుతుంది. కానీ ఆ రోజుకు డాలర్లు తెచ్చి ఇస్తామని మనమూ మాటిచ్చినట్టే. కొనుగోలుదారు ఆలస్యం చేస్తే రద్దు ఖర్చు మన మీద పడుతుంది. నాలుగువేల డాలర్ల ఒక్క ఆర్డరుకు ఇది అంత అవసరం లేదు. నెలనెలా ఆర్డర్లు వస్తూ, కొనుగోలుదారు డబ్బు చెప్పిన రోజుకే పంపుతున్నాడని తేలాక, రావలసినదానిలో సగానికి చేసుకోవచ్చు.

అంతకంటే ముందు చూడాల్సింది బ్యాంకు ఇచ్చే రేటు. ఫోనులో కనిపించే 88 మనకు దక్కే రేటు కాదు. బ్యాంకు కొనే రేటు 87.40 అయితే ఈ ఆర్డరు మీద 3,744 రూపాయలు ఎవరికీ కనిపించకుండా పోతాయి. ధర చెప్పేముందే శాఖకు ఫోను చేసి ఆనాటి టీటీ కొనుగోలు రేటు అడిగి, దాంతోనే భాగించాలి. ఆ లెక్కన మనం కిలోకి 3.12 కాదు, 3.14 డాలర్లు చెప్పాల్సింది. క్లియరింగ్ కార్పొరేషన్ 2019లో మొదలుపెట్టిన ఎఫ్‌ఎక్స్ రీటెయిల్ వేదికలో బ్యాంకు ద్వారా నమోదైతే మార్కెట్ రేటు మనకూ కనిపిస్తుంది, బేరమాడటానికి ఆధారం దొరుకుతుంది.

డాలరు గురించి ఇంత ఆలోచించేవాళ్లు మిర్చి ధరను మరిచిపోతారు. డాలరు మూడు నెలల్లో మూడు రూపాయలు కదలడం పెద్ద విషయం. యార్డులో మిర్చి క్వింటాలుకు వెయ్యిన్నర పెరగడం పెద్ద విషయమే కాదు. కిలో 150 నుంచి 165 అయితే 2,350 కిలోల మీద అదనపు భారం 35,250. కరెన్సీ నష్టానికి దాదాపు రెట్టింపు. ధర చెప్పి, ఆర్డరు ఖాయమై, అడ్వాన్సు వచ్చేలోపు ఈ ప్రమాదమంతా మనదే. అందుకే ధరకు వారం రోజులే గడువని రాయాలి. అడ్వాన్సు ఖాతాలో పడిన రోజే, కాయ పరీక్ష చేయించిన లాటును మొత్తం కొనేయాలి. అడ్వాన్సు సరిపోకపోతే ఆర్డరు చూపి బ్యాంకు నుంచి ప్యాకింగ్ క్రెడిట్ అడగొచ్చు. వేసవిలో యార్డు సెలవులిచ్చాక దొరికేది కోల్డ్ స్టోరేజీల సరుకే. ఆ రోజుల్లో పాత ధర పట్టుకుని కొత్త ఆర్డరు ఒప్పుకోకూడదు.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. అడ్వాన్సు లేకుండా, గడువు లేని ధర చెప్పి, ఫోనులో చూసిన డాలరు రేటు నమ్ముకున్న వ్యాపారికి మిర్చిలో 35,250, డాలరులో 18,720, బ్యాంకు రేటులో 3,744 పోవచ్చు. కలిపితే 57,714. కిలోకి ముప్పై రూపాయల లాభంలో మిగిలేది రూపాయిన్నర, అదీ కొనుగోలుదారు నిక్కచ్చిగా డబ్బు ఇస్తే. వారం గడువు, 35 శాతం అడ్వాన్సు, అది రాగానే కాయ కొనడం, బ్యాంకు రేటుతో భాగించడం అనే నాలుగు షరతులతో అదే ఆర్డరు తీసుకుంటే, డాలరు అంతే పడినా పోయేది పన్నెండు వేలు. ఈ షరతులు వినగానే కొనుగోలుదారు వెనక్కి తగ్గితే ఆర్డరు పోనివ్వడమే మంచిది. మొదటి సరుకుకే అరవై రోజుల అరువు అడిగేవాడికి ఇచ్చే ధర ఈ లెక్కల్లో ఎక్కడా లేదు.